తవ్వకుండా కట్టిన చెరువు

చెరువు అనగానే మనకు రెండు గుట్టల మధ్య పల్లం, దానికి అడ్డంగా ఒక కట్ట గుర్తొస్తాయి. కాకతీయుల కాలపు పెద్ద చెరువులు చాలావరకు అలాంటివే. ఒకవైపు కట్ట వేస్తే చాలు, మిగతా మూడువైపులా నేలే నీటిని ఆపుతుంది. కంబోడియాలో ఖ్మేర్ రాజుల పాత రాజధాని నగరమైన అంగ్‌కోర్‌లో ఆ వీలు లేదు. ఉత్తరాన కులెన్ కొండలు, దక్షిణాన తోన్లే సాప్ మహాసరస్సు, వాటి మధ్య బల్లపరుపు మైదానం. కిలోమీటరు నడిస్తే వాలు సుమారు ఒక్క మీటరే. కాబట్టి ఖ్మేర్ రాజులు నాలుగు వైపులా కట్ట పోసి, నేలమీద పెద్ద దీర్ఘచతురస్రం నిలబెట్టి, అందులోకి నీళ్లు మళ్లించారు. దాన్ని అక్కడ బరాయ్ అంటారు. శాసనాల్లో మాత్రం మనకు తెలిసిన మాటే కనిపిస్తుంది: 9వ శతాబ్దంలో ఇంద్రవర్మ కట్టించింది ఇంద్రతటాకం, ఆయన కొడుకు యశోవర్మ కట్టించింది యశోధరతటాకం.

తవ్వకుండా కట్టడంలోనే అసలు కిటుకు ఉంది. గుంట తవ్వితే అందులోని నీళ్లు పొలం కన్నా పల్లంలో ఉంటాయి, వాటిని ఎత్తిపోయాలి. కట్ట పోసి నిలిపిన నీళ్లు పొలం కన్నా మెరకలో ఉంటాయి, తెరిచిన వెంటనే వాటంతట అవే పారతాయి. నేల ఈశాన్యం నుంచి నైరుతికి వాలుతుంది కాబట్టి, నీళ్లను ఎగువ వైపు నుంచి తెచ్చి నింపి దిగువకు వదిలేవారు.

వీటన్నిటిలో పెద్దది 11వ శతాబ్దపు పశ్చిమ బరాయ్. పొడవు దాదాపు 8 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్ల పైచిలుకు. సగటున 3 మీటర్ల లోతు నీళ్లున్నాయనుకుంటే 5 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో ఒకటిన్నర టీఎంసీలకు పైనే.

ఇంత నీరు ఎంత వరి పండిస్తుంది? ఎండాకాలపు పంటకు నాటు నుంచి కోత దాకా కనీసం ఒక మీటరు లోతు నీళ్లు కావాలనుకుందాం. అప్పుడు 5 కోట్ల ఘనపు మీటర్లు 5,000 హెక్టార్లకు, అంటే 12 వేల ఎకరాల చిల్లరకు సరిపోతాయి. అదీ ఆవిరి, ఇంకుడు లెక్కలోకి తీసుకోకుండా. ఏడెనిమిది లక్షల మంది ఉండేవారని అంచనా వేస్తున్న నగరానికి ఇది ఏ మూలకూ చాలదు. ఈ లెక్క చూసే కొందరు పరిశోధకులు బరాయ్‌లు సేద్యానికి కాదనీ, రాజుల ప్రతిష్ఠకూ పూజకూ కట్టినవనీ అన్నారు. బరాయ్ నడుమ దీవిపై గుడి ఉన్న మాట నిజమే.

నా దృష్టిలో ఆ లెక్కలో అడిగిన ప్రశ్నే తప్పు. అంగ్‌కోర్ వరిలో ఎక్కువ భాగం వానాకాలంలో, గట్లు కట్టిన మడుల్లో, వాన నీటితోనే పండేది. భయం మధ్యలో వచ్చే వానల విరామం గురించి. పొట్ట దశలో పది, పదిహేను రోజులు చినుకు పడకపోతే ఏడాది శ్రమంతా పోతుంది. ఆ సమయంలో 20 సెంటీమీటర్ల తడి ఇస్తే పంట దక్కుతుంది. అంత తడే ఇవ్వాలంటే అవే నీళ్లు 25 వేల హెక్టార్లకు, అంటే 60 వేల ఎకరాలకు పైగా సరిపోతాయి. బరాయ్ రెండో పంట కోసం కాదు, మొదటి పంట పోకుండా కాపాడేందుకు. నీళ్లు లోపలికి వచ్చే, బయటికి పోయే కాలువలు బరాయ్‌లకు ఉన్నాయని తర్వాత జరిగిన సర్వేల్లో, ఆకాశం నుంచి లేజర్‌తో తీసిన పటాల్లో కనిపించాయి. ఉట్టి పూజకైతే అవి అవసరం ఉండేవి కావు.

అయితే ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. కొండల నుంచి దిగే నదిని మళ్లించి నగరం గుండా తెచ్చారు. నేడు సియెమ్ రీప్ నదిగా పిలిచేది చాలావరకు అలా మనుషులు తవ్వి మళ్లించిన ప్రవాహమే. తవ్విన కాలువ తిన్నగా ఉంటుంది, నేల ఇసుక నేల. వంపుల్లేని చోట వరద వేగంగా పారుతుంది, అడుగు కోసుకుపోతుంది. అడుగు దిగితే నీటిమట్టం దిగుతుంది. మట్టం దిగితే పక్క కాలువల మొగలకు నీరు అందదు, ఆయకట్టు ఎండుతుంది. కోసుకుపోయిన ఇసుక దిగువన కాలువల్లో పేరుకుపోతుంది.

వియత్నాం కొండల్లోని పాత చెట్ల వలయాలు చూస్తే, 14వ శతాబ్దం మధ్యలోనూ 15వ శతాబ్దం మొదట్లోనూ ఏళ్ల తరబడి కరువు, దాని నడుమ అసాధారణమైన వానలు వచ్చాయని తెలుస్తుంది. కరువులో కాలువలకు నీరు లేదు. ఆపైన ఒక్కసారిగా వచ్చిన వరద వాటిని కోసేసింది. నగరానికి దక్షిణాన ఉన్న పెద్ద కాలువ ఒకటి ముతక ఇసుకతో నిండిపోయి దొరికింది. ఒక్క చోట కట్ట తెగితే బాగు చేసుకోవచ్చు. ఒకదానికొకటి ముడిపడిన కాలువల వలలో మాత్రం ఒకచోట మట్టం తప్పితే ఆ ప్రభావం దిగువంతా పాకుతుంది.

దీన్ని కళ్లారా చూడగల చోటు స్పియన్ థ్మా అనే రాతి వంతెన. పాత గుడి రాళ్లతో కట్టిన దాని ఇరుకు కమానుల కింద ఒకప్పుడు నది పారేది. ఇప్పుడు నది ఆ వంతెన పక్కగా తిరిగి, కొన్ని మీటర్ల లోతున పారుతోంది. కమానుల కింద పొడి నేలే మిగిలింది.