ఫైనల్ ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ రాకపోతే రిజెక్ట్ అయినట్టేనా?

అపోహ: నాలుగు రోజులు ఏ కబురూ లేదంటే ఉద్యోగం పోయినట్టే.

రిక్రూటర్‌గా ఈ మాట వినని వారం లేదు, విన్న ప్రతిసారీ నాకు ఒక అబ్బాయి గుర్తొస్తాడు. బ్యాకెండ్ డెవలపర్ పోస్టు, ఫైనల్ రౌండ్ గురువారం అయింది, మేనేజర్ బయటికొస్తూనే "ఇతన్ని వదలొద్దండి" అన్నారు. అయినా ఆఫర్ కదల్లేదు. ప్యానెల్‌లో నలుగురు, నలుగురి ఫీడ్‌బ్యాకూ సిస్టంలో పడాలి, అందులో ఒకాయన శుక్రవారం నుంచి లీవు, మంగళవారం వచ్చి రాశారు. బుధవారం జీతం లెక్కేస్తే అతను అడిగింది ఆ గ్రేడ్ బ్యాండ్ దాటింది, ఇక ఫైనాన్స్ వాళ్ల స్పెషల్ అప్రూవల్ కావాలి, అది వచ్చేసరికి తర్వాతి సోమవారం సాయంత్రం. మొత్తం 11 రోజులు, ఇన్ని రోజుల్లో వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు.

వెంటనే ఫోన్ చేశా. "శుక్రవారమే వేరే కంపెనీకి ఓకే చెప్పేశా మేడం. జీతం తక్కువే, కానీ మీరు వద్దనుకున్నారేమో అనుకున్నా" అన్నాడు. ఆ ఆఫర్ బుధవారం వచ్చిందట, రెండు రోజులే గడువు. నాకో మెయిల్ పెట్టాల్సింది కదా అంటే, మూడుసార్లు టైప్ చేసి చెరిపేశాడట, ఒత్తిడి చేస్తున్నట్టు ఉంటుందని భయం. మధ్యలో నేనైనా ఒక్క మాట చెప్పలేదు, ఆ తప్పు నాదే.

వాస్తవం: ఆగిపోయిన అప్రూవల్‌ని తోయడానికి మాకు పనికొచ్చేది గడువు తేదీ ఒక్కటే. "ఇంకో ఆఫర్ వచ్చింది, శుక్రవారంలోగా జవాబు చెప్పాలి, నాకు మీ దగ్గరే చేరాలనుంది, అప్పటికి తేలుతుందా?" ఇంత రాస్తే చాలు, నేను దాన్నే ఫైనాన్స్‌కి ఫార్వర్డ్ చేస్తా. ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను. ఒక్కోసారి ఆఫర్ మొదటి క్యాండిడేట్‌కి వెళ్లి ఉంటుంది, మీరు రెండో స్థానంలో ఉంటారు, అప్పుడు తేదీ ఏమీ లేకుండా "ప్రాసెస్‌లో ఉంది" అనే జవాబే వస్తుంది. అలా వస్తే చేతిలో ఉన్నది వదులుకోకండి. లేని ఆఫర్ ఉందని మాత్రం రాయొద్దు, "అయితే అందులో చేరిపోండి" అంటే మీ దగ్గర మాటుండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. పోర్టల్‌లో స్టేటస్ మారలేదని, జాబ్ యాడ్ ఇంకా కనిపిస్తోందని కంగారు పడొద్దు, చాలాచోట్ల ఎంపికైనవాళ్లు ఒప్పుకునేదాకా యాడ్ తీయరు. ఫోన్‌లో "సెలెక్ట్ అయ్యారు" అన్నా లెటర్ చేతికొచ్చేదాకా రిజైన్ చేయొద్దు. ఇంటర్వ్యూ చివర్లో నిర్ణయం ఎప్పటికి వస్తుంది, ఇంకా ఎవరి అప్రూవల్ మిగిలింది అని అడిగేయండి, అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఆ అబ్బాయి తర్వాత నేనూ ఒక పని మొదలుపెట్టా. ప్రతి శుక్రవారం సాయంత్రం వెయిటింగ్‌లో ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేస్తున్నా, "ఇంకా ఏం తేలలేదండి, ఫైలు ఫలానా వాళ్ల దగ్గరుంది" అని చెప్పడానికే.