ఏ రంగు నిజమో తేలకుండానే తేలే అంకె

సుడోకు గడులకు రెండు రంగులు వేసిన కాగితమొకటి పంపి, "వీటిలో పసుపు నిజమా, నీలం నిజమా అన్నది ఎలా తేల్చుకోవాలి?" అని ఒక పాఠకుడు అడిగారు. తేల్చుకోనక్కరలేకపోవడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. సుడోకు నియమాలు, గడి మూలల్లో పెన్సిల్‌తో చిన్న అంకెలు రాసుకునే అలవాటు పాఠకులకు తెలిసినవే కనుక నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఒకే ఒక అంకెను తీసుకోవాలి. మనం 7ను తీసుకుందాం. ఒక అడ్డు వరుసలోనో, నిలువు వరుసలోనో, తొమ్మిది గడుల పెట్టెలోనో 7కు సరిగ్గా రెండే చోట్లు మిగిలి ఉంటే, ఆ రెండింటిలో ఒకటి కచ్చితంగా 7, రెండోది కచ్చితంగా కాదు. దీన్ని గట్టి లంకె అందాం. చెరకు రసం బండి పక్కన ఒకదానితో ఒకటి కలిసి తిరిగే పళ్ల చక్రాలను గమనించండి: ఒకటి కుడికి తిరిగితే దాన్ని తాకే చక్రం ఎడమకు తిరగక తప్పదు. బండివాడు చక్రాన్ని ఎటు తిప్పబోతున్నాడో మనకు తెలియకపోయినా, వరుసలో మొదటి చక్రమూ నాలుగో చక్రమూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయని ముందే చెప్పగలం. రంగులు వేయడమంటే ఈ దిశలను గుర్తించుకోవడమే. (మొదటి గడికి శుభప్రదమైన రంగే వేయాలా అని అడిగిన వారూ ఉన్నారు. రంగుల పేర్లు తారుమారు చేసినా ఫలితంలో పిసరంత తేడా రాదు.)

ఒక పటాన్ని ఊహించుకుందాం. ముందు అడ్డు వరుస, తర్వాత నిలువు వరుస సంఖ్య చెప్పుకుంటే, రెండో అడ్డు వరుసలో 7కు చోటున్నవి 2-3, 2-8 గడులు మాత్రమే. ఎనిమిదో నిలువు వరుసలో 2-8, 6-8 మాత్రమే. కుడివైపు నడిమి పెట్టెలో 6-8, 4-9 మాత్రమే. 2-3కు పసుపు వేస్తే 2-8 నీలం, 6-8 పసుపు, 4-9 నీలం అవుతాయి. ఇక్కడితో గొలుసు ఆగింది, ఎందుకంటే నాలుగో అడ్డు వరుసలో 4-9తో పాటు 4-3, 4-5లలో కూడా 7 రాసి ఉంది. మూడు చోట్లుంటే గట్టి లంకె లేదు.

ఇప్పుడు రంగు వేయని 4-3ను చూడండి. దాని నిలువు వరుసలో పసుపు 2-3 ఉంది, అడ్డు వరుసలో నీలం 4-9 ఉంది. పసుపు నిజమైతే 2-3లో 7 వస్తుంది, నీలం నిజమైతే 4-9లో వస్తుంది. రెండింటిలో ఏది జరిగినా 4-3కు 7 దక్కదు. కనుక దాన్ని కొట్టివేయవచ్చు. ఇది ఊహించి వేసి చూడటం కాదు, రెండు దారులూ ఒకేచోటికి చేరాయని చూడటం. అయితే ఒక గడికి రెండు పసుపులే ఎదురైతే ఏమీ కొట్టివేయరాదు, ఆ రెండూ అబద్ధం కావచ్చు.

4-3ను ఇంకా కొట్టకముందే, వేరే కారణం చేత 4-5లో 7 పోయిందనుకుందాం. అప్పుడు నాలుగో అడ్డు వరుసలో రెండే చోట్లు మిగిలి, 4-3 పసుపు అవుతుంది. కానీ 2-3 కూడా పసుపే, రెండూ మూడో నిలువు వరుసలోనే ఉన్నాయి. ఒకే నిలువు వరుసలో రెండు 7లు ఉండలేవు కనుక పసుపు మొత్తం అబద్ధం. నీలం గడులైన 2-8, 4-9లలో 7ను నిర్భయంగా సిరాతో రాసుకోవచ్చు.

పళ్ల చక్రాల పోలిక సరిగ్గా ఇక్కడే విరుగుతుంది. అయిదు చక్రాలను గుండ్రంగా ఒకదానికొకటి తగిలిస్తే యంత్రం బిగుసుకుపోతుంది. సుడోకులో బిగుసుకోలేదంటే, 2-3కూ 4-3కూ మధ్య ఉన్నది గట్టి లంకె కాకపోవడమే కారణం. ఆ నిలువు వరుసలో 6-3లో కూడా 7కు చోటుంది కనుక రెండూ 7 కాకుండా పోగలవు. ఆ అయిదు లంకెలూ గట్టివేనని మీ కాగితం చూపిస్తే మాత్రం, ఎక్కడో పెన్సిల్ అంకె ఒకటి తప్పిపోయిందని అర్థం.

నాకు వచ్చే తప్పుల కాగితాల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. రెండో అడ్డు వరుసలో 2-5లో 7 రాయడం మరిచిపోతే మూడు చోట్లు రెండుగా కనిపిస్తాయి, లేని లంకెకు రంగు పడుతుంది, చెల్లని కొట్టివేత జరుగుతుంది. తప్పు అప్పుడే బయటపడదు. పది పన్నెండు గడులు నిండాక, ఏ అంకే పట్టని ఒక ఖాళీ గడి ఎదురవుతుంది. అందుకే రంగు వేసేముందు ఆ వరుసలోని ఖాళీ గడులన్నిటినీ మరోసారి వేలుపెట్టి చూసుకోవాలి.

ఆ పాఠకుడి కాగితంలో మాత్రం పొరపాటు వేరు. ఆయన 7కు ఒకదానితో ఒకటి తగలని రెండు గొలుసులు కనిపెట్టి, రెండింటికీ అవే పసుపు, నీలం వాడారు. ఒక బండిలోని చక్రం ఎటు తిరిగితే పక్క బండిలోనిది ఎటు తిరుగుతుందో చెప్పలేనట్లే, మొదటి గొలుసు పసుపుకూ రెండో గొలుసు నీలానికీ ఏ సంబంధమూ లేదు. రెండో గొలుసును చెరిపి, ఆకుపచ్చతో, గులాబీతో మళ్లీ వేయమని ఆయనకు రాశాను.