రెండేళ్ల గుడ్డ ఎక్కడ దాచాలి

ఒరేయ్ బంటీ, అమ్మా చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నాన్నా, ఈసారి యూనిఫాం నువ్వే కుట్టు, కాస్త లూజుగా కుట్టు, రెండేళ్లు రావాలి" అంది. నలభై ఏళ్లుగా మిషను ముందు కూర్చుని ప్రతి మే నెలలోనూ ఈ మాట విన్నాను, ఇప్పుడు సొంత కూతురి నోట కూడా విన్నాను. తనకి చెబితే "సరేలే నాన్నా" అని పెట్టేస్తుంది. అందుకే మీకే రాస్తున్నా. వేసుకునేది మీరు కదా.

కొత్తగా షాపు పెట్టిన రోజుల్లో పక్క వీధి ఆవిడ తన కొడుకుని తీసుకొచ్చి ఇలాగే అడిగింది. నాకు అప్పటికి అంత తెలీదు, ఆవిడ చెప్పినట్టే నడుము మూడు అంగుళాలు, పొడవు నాలుగు అంగుళాలు, భుజం కూడా రెండు అంగుళాలు పెంచి కుట్టేశా. ఆ పిల్లాడు ఏడాదంతా ఒక చేత్తో పుస్తకాల సంచి, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని నడిచాడు. సైకిల్ చైన్‌లో రెండుసార్లు కాలు దగ్గర గుడ్డ పడి చిరిగింది. రెండో ఏడు అది ఒంటికి సరిగ్గా సరిపోయింది, కానీ అప్పటికే బెంచీల మీద జారీ జారీ సీటు దగ్గర గుడ్డ జల్లెడలా అయిపోయింది. అంటే సరిపోయిన రోజున వేసుకోవడానికి ప్యాంటే లేదు.

అప్పట్నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఏంటంటే, బట్ట బయటికి ఇవాళ్టి కొలతకే ఉండాలి, రేపటి గుడ్డ లోపల దాక్కుని ఉండాలి. మీ పట్టులంగాలకి మీ అమ్మమ్మ లోపల్నుంచి టక్ వేయించేది గుర్తుందా చిట్టీ? ఏటా దసరాకో సంక్రాంతికో ఒక టక్ విప్పితే లంగా మళ్లీ పాదాల దాకా వచ్చేది. యూనిఫాంకీ అదే తెలివి వాడాలి. కాకపోతే గుడ్డ ఎక్కడ దాయొచ్చో ఎక్కడ దాయకూడదో తెలియాలి.

ముందు నీ లెక్క చూద్దాం బంటీ. మన గుమ్మం పక్కన గోడ మీద పెన్సిల్ గీతలున్నాయిగా. పోయినేడు సంక్రాంతికి 138 సెంటీమీటర్లు, ఈ ఏడు సంక్రాంతికి 144. ఏడాదికి ఆరు. చిన్న పిల్లలు మామూలుగా ఏడాదికి ఐదారు సెంటీమీటర్లే పెరుగుతారు, కానీ నీకు పన్నెండు వస్తోంది. మగపిల్లలు ఎక్కువమంది పన్నెండు పద్నాలుగేళ్ల మధ్య ఒక్కసారిగా సాగుతారు, ఆ జోరులో ఏడాదికి ఎనిమిది తొమ్మిది కూడా పెరగొచ్చు. అందుకని రెండేళ్లకి 14 సెంటీమీటర్లు అనుకున్నా. ఈ పెరుగుదల ఒళ్లంతా ఒకేసారి రాదు. ముందు పాదాలు, తర్వాత కాళ్లు, ఆ తర్వాతే నడుము పైభాగం, భుజాలు. ప్యాంటు పొట్టి అయిపోయాక కూడా చొక్కా కొన్నాళ్లు బాగానే ఉండటం ఇందుకే. బూట్లు ఉన్నట్టుండి బిగువైతే ప్యాంటు మడత విప్పే టైం దగ్గరకొచ్చిందని అనుకో.

ఆ 14లో నడుము నుంచి కిందికి వచ్చేది ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు. అంటే మూడున్నర అంగుళాలు. చివర్లో ఎలాగూ ఒక అంగుళం మడత మిగలాలి కాబట్టి మొత్తం నాలుగున్నర అంగుళాలు లోపలికి మడుస్తాను. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ప్యాంటు కాలు కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది కదా, గుడ్డని అదే వాలులో కిందికి కత్తిరించుకుంటూ పోతే చివర ఇంకా సన్నం అవుతుంది. దాన్ని పైకి మడిస్తే, పైన వెడల్పుగా ఉన్న కాలికి ఈ సన్నటి అంచు చాలదు, లాక్కుపోయి ముడతలు పడుతుంది. అందుకని మడతలోకి పోయే గుడ్డని వాలుగా కాకుండా నిలువుగా, ఇంకా చెప్పాలంటే చివర ఒక పిసరు వెడల్పుగా కత్తిరించాలి. ఇంకోటి, బంటీ, నువ్వు అడిగావని మీ అమ్మ చెప్పింది, బాటం బాగా టైట్‌గా కావాలని. ఆ మోడల్‌లో మోకాలి దగ్గర ఒక ఆకారం ఉంటుంది, నీ కాలు మూడు అంగుళాలు పెరిగితే నీ మోకాలు ఒకచోట, ప్యాంటు మోకాలు ఒకచోట ఉంటాయి. రెండేళ్లు రావాలంటే తిన్నగా ఉండే కాలే కుట్టాలి. టైట్ కావాలంటే ఒక్క ఏడాదే. నువ్వే తేల్చుకో, నేను ఏదైనా కుడతా.

మడతని మిషను మీద కుట్టను, చేత్తో హెమ్మింగ్ చేస్తాను. టెర్రీకాటన్ గుడ్డ మీద మిషను సూది పడ్డ చోట చిన్న చిన్న చిల్లులు ఉండిపోతాయి, విప్పాక వరసగా కనపడతాయి. చేతి కుట్టు పైకి తెలీదు, మీ అమ్మ కూడా ఇంట్లో బ్లేడుతో విప్పుకోగలదు.

అసలు చిక్కు వేరే ఉంది. మడత అంచు ఏడాదంతా బూటుకి రాసుకుని రంగు పోతుంది, నేవీ బ్లూ మీద అయితే మరీను. రెండేళ్ల తర్వాత ఒకేసారి విప్పితే కాలి చుట్టూ తెల్లగీత గీసినట్టు ఉంటుంది, క్లాసులో అందరికీ తెలిసిపోతుంది. మడత ముడత మాత్రమే అయితే వెనిగర్ కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి పైన పరిచి ఇస్త్రీ చేస్తే పోతుంది. రంగు పోతే మాత్రం ఏ ఇస్త్రీ తిరిగి తేలేదు. అందుకని ఆర్నెల్లకో ఎనిమిది నెలలకో ఒక అంగుళం చొప్పున దించుకుంటూ పోవాలి. ఒకే చోట రాపిడి పడదు, పైగా ప్యాంటు ఎప్పుడూ నీ చీలమండ దగ్గరే ఉంటుంది.

నడుముకి అంత అక్కర్లేదు. పిల్లల నడుము ఏడాదికి ఒక అంగుళం పెరిగితే ఎక్కువ. వెనక మధ్య కుట్టుకి రెండు వైపులా అంగుళంన్నర చొప్పున మార్జిన్ వదులుతాను, మామూలుగా వదిలే అర అంగుళం పోను అటు ఒకటి ఇటు ఒకటి, మొత్తం రెండు అంగుళాలు విప్పుకోవచ్చు. నడుం పట్టీని కూడా వెనక మధ్యలో జాయింట్ వేసి రెండు ముక్కలుగా కుట్టాలి, లేకపోతే కింద గుడ్డ విప్పినా పట్టీ సాగదు. రెడీమేడ్ ప్యాంటు కొనాల్సి వస్తే ముందు దాన్ని తిరగేసి ఇది చూడండి. పట్టీ ఒకే ముక్కగా ఉండి, లోపల వేలి వెడల్పు గుడ్డ కూడా లేకపోతే అది ఇక పెరగదు. అప్పుడు లోపల గుండీలకి తగిలించుకునే ఎలాస్టిక్ ఉన్నది వెతుక్కోవాలి.

ఇక చొక్కా. భుజం దగ్గర ఏమీ దాయలేం. దాస్తే ఏమవుతుందో చెప్తా. భుజం కుట్టు జారి జబ్బ మీదికి దిగిందనుకో, చంక కూడా కిందికి దిగుతుంది, నువ్వు క్లాసులో చెయ్యెత్తితే చొక్కా మొత్తం ప్యాంటులోంచి బయటికి వచ్చేస్తుంది. లూజు చొక్కా వేసుకుంటే చెయ్యి హాయిగా లేస్తుందనుకుంటారు గానీ జరిగేది దానికి రివర్స్. అందుకని భుజం ఇప్పటి కొలత మీద అర అంగుళం, అంతే. ఛాతీ చుట్టూ కొంచెం ఎక్కువ లూజు పెట్టొచ్చు, పొడవు రెండు మూడు అంగుళాలు పెంచినా టక్ చేస్తే లోపలికి పోతుంది కాబట్టి నష్టం లేదు. కాలర్ గుండీ పెట్టాక రెండు వేళ్లు దూరాలి, నాలుగు దూరితే టై కట్టినప్పుడు మెడ దగ్గర కుచ్చులు పడతాయి.

అంటే చొక్కాకి ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. అయినా తెల్లచొక్కా కాలర్ రెండేళ్లు తెల్లగా ఉంటుందా? చెమటకి పసుపుపచ్చగా అవడం ఖాయం. మీ అమ్మకి నేను చెప్పబోయేది ఇదే: రెండు ప్యాంట్లు రెండేళ్లకి, మూడు చొక్కాలు ఒక ఏడాదికి. ఈ ఏడు ఐదు చొక్కాలు కుట్టించి దాచుకోవడం దండగ.

చిట్టీ, నీ సంగతి వేరు. ఆడపిల్లలు మగపిల్లలకంటే రెండేళ్లు ముందే సాగుతారు, పదకొండు పన్నెండేళ్లకే ఆ జోరు వస్తుంది. నీకిప్పుడు పది. కాబట్టి స్కర్ట్‌కి నడుము వెనక ఎలాస్టిక్, కింద మడత మూడు అంగుళాలు, లోపల ఒక టక్. చుడీదార్ యూనిఫాం వచ్చాక టాప్‌కి పక్క కుట్ల దగ్గర మార్జిన్ ఎక్కువ వదలమని నువ్వే గట్టిగా అడుగు, పొడవు కంటే అక్కడే ముందు బిగువవుతుంది. పై క్లాసుల అక్కయ్యలకి పొడవు పెద్దగా పెరగదు, వాళ్లకి ఇంత మడత అవసరం లేదు.

మన వీధిలో గవర్నమెంట్ బడికి వెళ్లే పిల్లలకి కిట్‌లో ఏటా యూనిఫాం గుడ్డ వస్తుంది, వాళ్లమ్మలు కూడా రెండేళ్లు అంటుంటారు. ఏటా కొత్త గుడ్డ వస్తున్నప్పుడు అంత ఎందుకమ్మా అని ఏడాదికే కుట్టి, మిగిలిన ముక్క చేతిలో పెడతాను.

కొలతలకి వచ్చే ఆదివారం రండి. ఏప్రిల్‌లో ఇస్తే జూన్ 12న బడి తెరిచేసరికి మళ్లీ మారిపోతారు, అందుకే మే ఆఖరుదాకా ఆగమన్నా. బడి బూట్లు వేసుకుని రావాలి, చెప్పులతో నిలబడితే పొడవు తేడా వస్తుంది. టేపు పెట్టినప్పుడు బంటీ, పోయినసారిలా పొట్ట లోపలికి లాక్కోకు. కుట్టాక వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు నిలబడి బాగుందనేస్తే ఒప్పుకోను, రెండు చేతులూ పైకెత్తాలి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, సంచి తగిలించుకుని మెట్లెక్కాలి. ఎక్కడ పట్టేస్తే అక్కడ చెప్పండి, మొహమాటం వద్దు.

గుడ్డ మీ అమ్మ ముందుగానే పంపిస్తే మంచిది. ఒక రాత్రి నీళ్లలో నానేసి నీడలో ఆరబెట్టాకే కత్తెర పెడతాను. నూలు ఎక్కువున్న గుడ్డ మొదటి ఉతుకులోనే ప్యాంటు పొడవులో ఒక అంగుళం మింగేస్తుంది, అప్పుడు మనం కష్టపడి దాచిన మూడున్నరలో ఒకటి పోయినట్టే.

కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కని ఒక కవర్లో పెట్టి ఇస్తాను. దాన్ని బీరువాలో దాచకండి. ప్యాంటు ఉతికినప్పుడల్లా దాన్ని కూడా బకెట్లో వేసి, అదే ఎండలో ఆరేయండి. ఏడాది తర్వాత సీటుకో మోకాలికో మాటు వేయాల్సి వస్తే ప్యాంటు ఎంత వెలిసిందో ఆ ముక్కా అంతే వెలిసి ఉంటుంది.

మీ తాతయ్య