నోరు తెరిచే జేబు: అపోహలు, వాస్తవాలు

"అక్కా, ఈ జేబు నోరు తెరుచుకునే ఉంటోంది, కొంచెం లోపలికి పట్టి కుట్టెయ్." వారంలో ఒక్కసారైనా ఈ మాట వింటాను. ప్యాంటు నేను కుట్టిందే కావచ్చు, ఎక్కడో కొన్నది కావచ్చు, అడగడం మాత్రం ఇలాగే అడుగుతారు. పట్టి కుడితే ఇంకా ఎక్కువ తెరుచుకుంటుందని చెబితే, చిన్న పని కాబట్టి తప్పించుకుంటున్నానని అనుకుంటారు.

అపోహ: జేబు తెరుచుకుంటోందంటే జేబు సరిగ్గా కుట్టలేదు.

వాస్తవం: ఎక్కువసార్లు జేబు బాగానే ఉంటుంది, సీటు దగ్గర లూజు చాలదు. సైడు జాయింట్ జేబు అంటే ఆ కుట్టులో మనం వదిలేసిన ఆరంగుళాల సందే కదా. సీటు చుట్టూ గుడ్డ చాలకపోతే ఒంటికి కావలసిన వెడల్పు ఎక్కడో ఒకచోట దొరకాలి. కుట్టు ఉన్నచోట దొరకదు, సందు ఉన్నచోట దొరుకుతుంది. అందుకే ముందు విచ్చుకునేది జేబే. దాన్ని లోపలికి పట్టి కుడితే ఉన్న కాస్త లూజు కూడా పోతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ప్యాంటు వేసుకుని, జేబు నోరు మూసి రెండు పిన్నీసులు పెట్టి, కుర్చీలో కూర్చోండి. పిన్నీసుల దగ్గర గుడ్డ లాగి, తొడల మీద అడ్డంగా ముడతలు వస్తే లూజు చాలదన్నమాట. ఏ ముడతా లేకుండా గుడ్డ హాయిగా పరుచుకుంటే తప్పు నిజంగానే జేబులో ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొన్న ఒక టీచరమ్మ మూడు కాటన్ ప్యాంట్లు పట్టుకొచ్చింది. అప్పటికే ఒకచోట సైడ్లు పట్టించింది, జేబులు చెవుల్లా నిలబడ్డాయి. "లావయ్యానేమో అక్కా" అని మొహం చిన్నబుచ్చుకుంది. లావూ లేదు, ఏమీ లేదు. నిలబెట్టి కొలిస్తే సీటు 40 అంగుళాలు, కూర్చోబెట్టి కొలిస్తే 42. కూర్చుంటే ఎవరికైనా పెరుగుతుంది. పట్టించిన కుట్టు విప్పి, ప్యాంటును బల్ల మీద పరిచి అదే ఎత్తులో కొలిస్తే చుట్టూ 40న్నర వచ్చింది. సాగని గుడ్డకు ఒంటి కొలత మీద కనీసం రెండంగుళాలు లూజు వదలాలి. ఆమెకు వదిలింది అర అంగుళం. రోజంతా క్లాసులో కూర్చుని లేచే మనిషికి అదెక్కడ సరిపోతుంది?

ఇలాంటప్పుడు జేబు జోలికి వెళ్లకండి. విప్పాల్సింది వెనక మధ్యన ఉండే సీటు కుట్టు. మగవాళ్ల ప్యాంట్లలో అక్కడ గుడ్డ ఎక్కువ వదలడం పాత అలవాటు, ఆడవాళ్ల ప్యాంట్లలో చాలామంది వదలరు. అదృష్టం కొద్దీ ఈమె ప్యాంట్లలో ఒక్కో వైపు అంగుళం ఉంది. సీటు ఎత్తులో ఒక్కో వైపు ముప్పావు అంగుళం వదిలాను, అంటే మొత్తం అంగుళంన్నర. నడుం పట్టీ దగ్గరికి వచ్చేసరికి పాత కుట్టులో కలిపేశాను కాబట్టి నడుం కొలత మారలేదు. ఇప్పుడు చుట్టూ 42. నిలబడితే జేబు ఉందని తెలియదు, కూర్చుంటే సన్నగా గీతలా కనిపిస్తుంది. అంతకు మించి ఆ ప్యాంట్లలో ఏమీ చేయలేను, ఆ మాట ఆమెకూ చెప్పాను. అసలు మార్జినే లేకపోతే జేబు లోపలి సంచి తీసేసి జేబు మూసేయడమే మిగిలిన దారి. బాధగా ఉంటుంది, జేబు కోసమే కదా ప్యాంటు కుట్టించుకున్నది.

అపోహ: జేబు అంచు సాగకుండా లోపల సన్నని పట్టీ, అంటే టేపు వేస్తే ఏ జేబైనా నిలబడుతుంది.

వాస్తవం: ఇది సగమే నిజం. ఆ మిగతా సగానికి నేను ఒక లినెన్ స్కర్టు మూల్యం చెల్లించాను. సైడు గీత తుంటి దగ్గర వంపు తిరుగుతుంది. ఎ-లైన్ స్కర్టులో అయితే కింది దాకా ఏటవాలే. అక్కడ కోసిన అంచు పడుగు వెంట ఉండదు కాబట్టి చేతిలో పట్టుకున్నా, ఇస్త్రీ కిందకు లాగినా సాగిపోతుంది. మా ఆడపడుచు కూతురికి స్కర్టు కుడుతూ, కట్ చేసిన గుడ్డ మీదే కొలిచి టేపు వేశాను. అప్పటికే అంచు ముప్పాతిక సెంటీమీటరు సాగి ఉంది. ఆ సాగిన కొలతనే టేపుతో గట్టిగా బిగించేశాను. స్కర్టు ఆ పిల్లకు లూజుగానే ఉంది, అయినా జేబు ముందు అంచు అలలు అలలుగా ముందుకు వాలింది.

ఇలాంటి జేబును బల్ల మీద పరిచినా గుర్తుపట్టవచ్చు. ముందు అంచును, వెనక అంచును విడివిడిగా కొలవండి. ముందుది పొడవుంటే అది సాగిన అంచు. అందుకే ఇప్పుడు టేపును కాగితం ప్యాటర్న్ మీద, కుట్టు గీత వెంటే కొలుస్తాను. లైనింగ్ గుడ్డ నేత అంచు నుంచి పావు అంగుళం పైన వెడల్పున్న పట్టీ కోస్తే చాలు, అది సాగదు. జేబు నోరు ఆరంగుళాలైతే పట్టీ ఎనిమిది, పైనా కిందా అంగుళం చొప్పున దాటాలి. ముందు భాగం తిరగవైపు, కుట్టు గీత మీద పరిచి, గుడ్డే పట్టీ పొడవుకు సర్దుకునేలా కుట్టాలి. పట్టీని లాగకూడదు.

ఆ తర్వాత సంచిని సైడు గీతకు అంగుళంలో ఎనిమిదో వంతు బయటగా కుట్టి, మార్జిన్‌ను సంచి వైపు తిప్పి, సంచి మీద అంచు కుట్టు వేస్తాను. లైనింగ్ బయటికి తొంగి చూడకుండా ఆపేది అదే. సైడు జాయింట్ వేసేటప్పుడు జేబు నోటి దగ్గర మిషన్ ఆపకుండా పెద్ద కుట్టుతో కచ్చాగా దాటిపోతాను. రెండు చివర్లలో మాత్రం ముందుకూ వెనక్కూ గట్టిగా కొడతాను. ఆ కచ్చా కుట్టు నడుం పట్టీ వేసి చివరి ఇస్త్రీ అయ్యాకే విప్పాలని మా మాస్టరు గారు నెత్తిన మొట్టి మరీ నేర్పారు. ముందే విప్పితే పట్టీ వేసేటప్పుడు జేబు నోరు లాగుడుకు గురవుతుంది.

అపోహ: సంచి కిందకు వేలాడినా ఫర్వాలేదు, లోపలే కదా.

వేలాడే సంచిలో ఫోను పెడితే బరువంతా జేబు నోటి అంచు మీద పడుతుంది. సంచి పై అంచును నడుం దాకా పెంచి, పొట్ట వైపు తిప్పి, నడుం పట్టీలో కలిపి కుట్టండి. అప్పుడు బరువు నడుం మోస్తుంది. కొన్న ప్యాంట్లలో చాలావాటికి ఇది ఉండదు. పై అంచుకు రెండంగుళాల గుడ్డ ముక్క జోడించి పట్టీకి చేతికుట్టు వేసుకుంటే సరిపోతుంది.

ఇక హుక్కు పెట్టమనేవాళ్లు, వెల్‌క్రో అంటించమనేవాళ్లు. బిగుతు ప్యాంటుకు హుక్కు పెడితే గుడ్డ హుక్కు దగ్గర చిరుగుతుంది, వెల్‌క్రో కూర్చోగానే టప్పున ఊడుతుంది. కుచ్చుల స్కర్టుకు ఈ గొడవ దాదాపు రానే రాదు, లూజు బోలెడుంటుంది కాబట్టి.

టీచరమ్మ నిన్న మళ్లీ వచ్చింది, కొత్త గుడ్డతో. ఈసారి కూర్చోబెట్టే కొలత తీసుకున్నాను.