క్రియాటినిన్ 81 అంటే కిడ్నీలు పోయినట్టేనా? రిపోర్ట్ ఫొటోల మీద అపోహలు - వాస్తవాలు

జగిత్యాల దిక్కు ల్యాబ్‌ల పని చేస్తున్న కాబట్టి నా ఫోన్‌ల సొంత ఫొటోల కంటే ఊరోళ్ల రిపోర్ట్ ఫొటోలే ఎక్కువ. సగం గల్ఫ్ నుంచి వచ్చినయే. "అన్నా జర తెలుగుల చెప్పవా" అని కింద ఒక మెసేజ్, దాని కింద దండం పెట్టే బొమ్మ. చెప్పడానికి నాకేం ఇబ్బంది లేదు గానీ నా దాకా వచ్చే లోపల్నే ఇంట్ల ఎవరో ఒకరు సగం తెలుగు చేసి భయపెట్టి పెడ్తరు, దాన్ని సరిచేసుడే పెద్ద పని.

అన్నిట్ల ఎక్కువ నష్టం చేసే అపోహ ఒక్కటే: అంకె ఏ దేశంల అయినా ఒకటే అనుకునుడు.

మొన్న ఒక చెల్లె వచ్చింది, కండ్లు వాచి ఉన్నయి. వాళ్లాయన దోహాల డ్రైవర్, కంపెనీ చెకప్‌ల రక్తం తీసిన్రట, ఆ కాయితం ఫొటో పంపిండు. ఫొటోల టెస్ట్ పేర్లు, అంకెలు మాత్రమే ఉన్నయి, కుడి పక్క మొత్తం కట్ అయింది. క్రియాటినిన్ 81, యూరియా 4.6, గ్లూకోజ్ 7.9. వాళ్ల వాడకట్టుల ఒకాయనకు డయాలిసిస్ నడుస్తది, ఆయనకు క్రియాటినిన్ 8 ఉన్నప్పుడే మిషన్ ఎక్కించిన్రు, మరి 81 అంటే మనిషి ఉంటడా అని ఎవరో అన్నరు. ఇగ అత్త ఏడుపు, మామ ఏమో ఉన్న పళంగా టికెట్ బుక్ చేసుకొని రమ్మని ఫోన్. కాంట్రాక్ట్ ఇంకా ఏడు నెలలుంది, మధ్యల వస్తే రావాల్సిన పైసలు కూడా రావు.

నేను ఫస్ట్ అడిగిందేంటంటే, "చెల్లే, కాయితం మొత్తం కనబడేటట్టు ఇంకో ఫొటో తీసి పంపుమను." అయిదు నిమిషాలల్ల వచ్చింది. క్రియాటినిన్ పక్కన µmol/L అని ఉంది, దాని పక్కన మామూలుగ ఉండాల్సిన రేంజ్ 62 - 106 అని ఉంది. మన దగ్గర క్రియాటినిన్‌ను mg/dL లెక్కల రాస్తం, ఖతార్‌ల, ఇంగ్లండ్‌ల మైక్రోమోల్ లెక్క. పెరుగు ఒక దుకాణంల కిలోలల్ల అమ్మితే ఇంకో దుకాణంల గ్రాములల్ల అమ్మినట్టు, సరుకు అదే, అంకె వేరే. మైక్రోమోల్ అంకెను 88.4 తోని భాగిస్తే మన లెక్క వస్తది. 81ని భాగిస్తే 0.92. మన ల్యాబ్‌ల ఇట్ల వస్తే దాని మీద కన్ను కూడా ఆగదు. అయినా ఫొటో రాకముందే నాకు అనుమానం ఉండె, ఎందుకంటే mg/dL లెక్కల 81 ఉన్నోడు లారీ నడుపుకుంట వాట్సాప్‌ల ఫొటోలు పంపడు. అంకె, మనిషి ఒకదానికొకటి పొసగకపోతే ముందుగాల యూనిట్‌ను అనుమానించాలె, కిడ్నీని కాదు.

ఇప్పుడు అసలు సంగతి. అందరు 81 పట్టుకొని ఏడుస్తుంటే 7.9ని ఎవరూ పట్టించుకోలే. "షుగర్ ఎనిమిది కూడా లేదు గదా అన్నా, మా అత్తకు రెండు వందలుంటది" అన్నది ఆ చెల్లె. అది కూడా అక్కడి లెక్కనే, mmol/L. గ్లూకోజ్‌కు అయితే 18తోని గుణించాలె. 7.9ని గుణిస్తే 142. పరగడుపున 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ రోగం కింద లెక్క, అక్కడి లెక్కల అది 7.0. ఆయనకే ఫోన్ చేసి అడిగిన, తిని ఇచ్చినవా తినకుండనా అని. నైట్ డ్యూటీ దిగి చాయ్ కూడా తాగకుండ పోయిండట. అంటే పరగడుపే. రెండో ఫొటోల దాని పక్కన రేంజ్ కంటే ఎక్కువుందని చెప్పే H కూడా ఉంది, మొదటి ఫొటోల ఆ పక్కే కట్ అయింది. భయపడాల్సిన అవసరం లేనిదానికి ఇల్లంత గోల, చూడాల్సినదానికి నిమ్మళం, గిదే నా బాధ. ఒక్కసారి వచ్చినంత మాత్రాన ఖాయం కాదు, ఇంకోసారి పరగడుపున గానీ, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ గానీ చేయించి అక్కడి డాక్టర్‌కు చూపియ్యమన్న.

అందుకే నేను ఎవరికైనా తెలుగుల రాసిస్తే ఒక్కో టెస్టుకు మూడు కలిపే రాస్తా: పేరు, యూనిట్‌తోని అంకె, అదే కాయితం మీదున్న రేంజ్. ఇంకో ల్యాబ్ రేంజ్ తెచ్చి పెట్టను, నెట్‌లది అసలే పెట్టను, ఎందుకంటే మిషన్ మారితే, పద్ధతి మారితే, ఆడ మగ వయసును బట్టి కూడా రేంజ్ మారుతది. మన లెక్కలకు మార్చిన అంకెను పక్కన వేరేగ రాస్తా, అసలు అంకెను కొట్టేయను, రేపు డాక్టర్ చూసేది అదే గాబట్టి. రోగం పేరు మాత్రం రాయను.

ఇంకోటి, H గానీ, తక్కువుందని చెప్పే L గానీ ఉంటే రోగమే అనుకునుడు. రేంజ్ ఎట్ల తీస్తరో తెలిస్తే సగం భయం పోతది. ఆరోగ్యంగ ఉన్నోళ్లకు టెస్ట్ చేసి, అటు చివర ఇటు చివర కొద్దిమందిని వదిలేసి, మధ్యల ఉన్న 95 శాతం మందిని తీసుకుంటరు. అంటే ఆరోగ్యంగ ఉన్నోళ్లల్లనే నూటికి అయిదుగురు బయటనే ఉంటరు. ఫుల్ బాడీ చెకప్ అని ఇరవై ముప్పై టెస్టులు చేయించుకుంటే ఒకటి రెండు H లు పడుడు వింతేం కాదు. అట్లని అన్ని H లు ఒకటే కాదు మల్ల. షుగర్‌కు ఆ 126 గీత జనంల సగటు చూసి గీసింది కాదు, ఏడ దాటితే కంటి లోపలి పొర దెబ్బతినుడు ఎక్కువైతదో చూసి గీసింది. అందుకే ఆ డ్రైవర్ తమ్ముని H ను నేను తేలికగ తీసుకోలే.

మిగిలినయి గబగబ చెప్తా. మూత్రం రిపోర్ట్‌ల పస్ సెల్స్ 2-4 అని ఉంటే దాన్ని "చీము" అని తెలుగు చెయ్యకుండ్రి, మా పెద్దమ్మకు ఎవరో అట్లనే చెప్తే రెండు రోజులు అన్నం ముట్టలే. అవి తెల్లకణాలు, అయిదు దాకా మామూలే. నెగెటివ్ అంటే చెడ్డది కాదు, వెతికింది దొరకలేదని అంతే. సీఆర్‌పీ అంటే క్రియాటినిన్ కాదు, ఏఎల్‌టీ ఏఎల్‌పీ ఒకటి కాదు, అక్షరం అర్థం కాకపోతే ఊహించకుండ ఉన్నదున్నట్టే రాసిపెట్టుండ్రి.

ఫొటో తీసేటోళ్లు కాయితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలు కనబడేటట్టు, మీ నీడ పడకుండ తీయుండ్రి. మడత మీద చుక్క ఉంటే పోతది, 1.1 కాస్త 11 అయితది. పీడీఎఫ్ ఇస్తరేమో అడిగితే ఇంకా మంచిది.

ఆ చెల్లెకు ఒక తెల్ల కాయితం మీద రాసిచ్చిన. మొదటి వరుసల గ్లూకోజ్ పెట్టిన, క్రియాటినిన్‌ను కిందికి పంపిన. చూసి, "అన్నా, మరి టికెట్ వద్దని చెప్పనా?" అన్నది. చెప్పు, కానీ పొద్దున చాయ్‌ల చక్కెర మూడు చెంచాలు ఏసుకుంటడట, అది కూడా అడుగు అన్న.