బస్ పాస్ అప్లికేషన్ పుట్టిన తేదీ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది

జూన్ వచ్చిందంటే మా నెట్ సెంటర్ ముందు తెలంగాణ ఆర్టీసీ స్టూడెంట్ పాస్ కోసం పిల్లలు క్యూ కడతారు. ప్రతి ఏడాదీ అవే తప్పులు చూస్తుంటాను, అందుకే రాస్తున్నాను.

అపోహ: వయసుకు ఆధార్ చాలు.
వాస్తవం: టెన్త్ పాసైనవాళ్ల ఫారంలో ఎస్సెస్సీ హాల్ టికెట్ నంబర్, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ అడుగుతారు. ఈ మూడూ బోర్డు రికార్డుతో కలవాలి. ఒక ఇంటర్ అబ్బాయికి మెమోలో 14-06-2009 ఉంది, ఆధార్‌లో 01-01-2009. చిన్నప్పుడు ఎవరో తోచిన తేదీ చెప్పి రాయించారు. వాడు ఆధార్ చూసి కొట్టాడు, వివరాలు రాలేదు, సైట్ పనిచేయట్లేదనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. మెమో తెప్పించి ఆ తేదీ కొడితే వెంటనే పేరుతో సహా వచ్చేసింది. సప్లిమెంటరీలో పాసైతే పాత హాల్ టికెట్ నంబర్ కాదు, పాసైన మెమో మీద ఉన్నదే కొట్టాలి. తర్వాత ఆ మెమోనే రుజువుగా పెట్టి ఆధార్‌లో తేదీ సరిచేయించుకోండి, కానీ పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు కాబట్టి అక్షరం అక్షరం చూసుకున్నాకే ఇవ్వండి.

అపోహ: ఫోటో ఏదైనా పర్వాలేదు, సైజు తగ్గిస్తే సరిపోతుంది.
వాస్తవం: కార్డు మీద ఆ ఫోటో గోరంత పడుతుంది. నిలువెత్తు ఫోటో పెడితే ముఖం చుక్కలా కనిపిస్తుంది, కండక్టర్ పోల్చుకోలేడు. పాత పాస్‌పోర్ట్ ఫోటోను ఫోన్‌తో తీస్తే లైటు మెరుపు ముఖం మీదే పడుతుంది. తెల్ల గోడ ముందు, పగటి వెలుగు ఎదురుగా పడేలా నిలబెట్టి ఇంకొకరు తీయాలి. ముందు భుజాల దాకా కత్తిరించి, ఆ తర్వాతే సైజు తగ్గించండి. కత్తిరించకుండా తగ్గిస్తే ముఖం మసకబారుతుంది. ఎంత సైజులోపు ఉండాలో అప్‌లోడ్ దగ్గరే రాసి ఉంటుంది.

అపోహ: సబ్మిట్ కొడితే పాస్ వచ్చినట్టే.
వాస్తవం: అప్లికేషన్ మీ కాలేజీ లాగిన్‌కు వెళ్తుంది, వాళ్లు ఓకే చేశాకే కౌంటర్లో డబ్బు కట్టి పాస్ తీసుకోవాలి. స్టేటస్ కదలకపోతే కౌంటర్ చుట్టూ తిరగకండి, అప్లికేషన్ నంబర్‌తో కాలేజీ ఆఫీసుకు వెళ్లండి.

అపోహ: పెద్దవాళ్లూ ఇలాగే పాస్‌కు అప్లై చేయాలి.
వాస్తవం: ఏపీఎస్ఆర్టీసీలో 60 దాటినవాళ్లకు టికెట్‌లో 25 శాతం రాయితీ ఉంది, దానికి వేరే పాస్ అక్కర్లేదు. ఆన్‌లైన్లో టికెట్ తీసేటప్పుడు సీనియర్ సిటిజన్ అని ఎంచుకోవాలి, ప్రయాణంలో వయసు కనిపించే అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. రైల్లో మాత్రం 2020 మార్చిలో ఆపిన సీనియర్ రాయితీ మళ్లీ రాలేదు, దానికి పాస్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.