టెక్ ఫెస్ట్ పోస్ట్ రాసేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మా కాలేజీ ఫెస్ట్‌కి మూడేళ్లుగా ప్రచారం, రిజిస్ట్రేషన్లు చూస్తున్నాను. ఈసారి ఆ పని తీసుకున్న జూనియర్లు నన్ను అడుగుతున్నవే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పోటీల పేర్లు, ప్రైజ్ మనీ వేస్తే చాలు, రూల్స్ ఆ రోజు చెప్పుకోవచ్చు.

రెండేళ్ల కిందట లైన్ ఫాలోయర్ పోటీకి, అంటే గీత వెంట రోబో తనంతట తానే నడవాల్సిన పోటీకి, మేం "తెల్లటి ట్రాక్ మీద నల్ల గీత" అని మాత్రమే రాశాం. రాజాం నుంచి వచ్చిన కుర్రాళ్లు కరెంటు పనికి వాడే నల్ల టేపు నేల మీద అంటించి నెల రోజులు ప్రాక్టీస్ చేశారట. ఆ టేపు వెడల్పు 2 సెంటీమీటర్ల లోపే, మేం ఫ్లెక్స్ మీద ప్రింట్ చేయించిన గీత 3 సెంటీమీటర్లు. వాళ్ల బాట్‌కి ఉన్నవి రెండే ఐఆర్ సెన్సర్లు, గీతకి అటొకటి ఇటొకటి. తెలుపు మీద ఉండాల్సిన ఆ రెండూ మా గీత మీద ఒకేసారి నలుపు చూశాయి, రెండూ నలుపైతే ఆగిపోవాలని కోడ్‌లో ఉంది కాబట్టి బాట్ కదల్లేదు. సెన్సర్లు కాస్త ఎడంగా జరిపితే నడిచేదే, కానీ గ్లూ గన్‌తో అతికించేశారు. తప్పు పూర్తిగా మాదే. గీత వెడల్పు, బాట్ సైజు ఎంత మించకూడదు, టీమ్‌లో ఎంతమంది, ఫీజు టీముకా మనిషికా, ఈ నాలుగూ పోస్టులోనే ఉండాలి.

అపోహ: పోస్టర్ మీద క్యూఆర్ ఉంది కదా, రిజిస్టర్ అయిపోతారు.

వాట్సాప్‌లో పోస్టర్ ఏ ఫోన్‌కి వచ్చిందో అదే ఫోన్ కెమెరాతో దాన్నెలా స్కాన్ చేస్తారు? క్యూఆర్ నోటీసు బోర్డుకి, మెసేజ్‌లో మాత్రం నొక్కితే తెరుచుకునే లింకు. స్టెప్స్ రాసేటప్పుడు ముందు ఫీజు, తర్వాత ఫారం అని వరుసలో రాయండి, ఎందుకంటే ఫారంలో యూపీఐ పేమెంట్ తాలూకు 12 అంకెల UTR నంబరు అడగాలి. స్క్రీన్‌షాట్ చాలనుకున్న ఏడాది ఒకే స్క్రీన్‌షాట్ రెండు టీముల నుంచి వచ్చింది, బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందేసుకుని రాత్రంతా సరిచూశాం. నంబరైతే షీట్‌లో ఒక్కసారి వెతికితే తేలిపోతుంది.

అపోహ: షెడ్యూల్ అంటే "ఉదయం 9 నుంచి" అని రాయడం.

ఇలా రాయండి: "లైన్ ఫాలోయర్: రిపోర్టింగ్ 9:30, ట్రయల్ 10:00, మొదటి రౌండ్ 10:30, ఫైనల్ 2:00." ఒకే మనిషి కోడింగ్‌కీ రోబోటిక్స్‌కీ పేరిచ్చుంటే రెండూ ఢీకొంటాయో లేదో అప్పుడే తెలుస్తుంది. బహుమతులు ఎన్ని గంటలకి ఇస్తారో కూడా వేయండి. పలాస నుంచో పార్వతీపురం నుంచో వచ్చే అమ్మాయిల ఇళ్లల్లో ముందు అడిగేది తిరుగు బస్సు ఎన్నింటికని.